పి-విలువ 0.04 అంటే శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం 4 శాతమేనా?

ప్రశ్న: "రెండు గుంపుల సగటులను పోల్చడానికి టీ-పరీక్ష చేశాను. పి-విలువ 0.04 వచ్చింది. అంటే 'తేడా ఏమీ లేదు' అనే శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం 4 శాతమే, తేడా ఉండే అవకాశం 96 శాతం అని థీసిస్‌లో రాశాను. గైడు ఆ వాక్యం కొట్టేసి పక్కన 'తప్పు' అని మాత్రం రాశారు. ఎందుకు తప్పో ఎవరైనా వివరంగా చెబుతారా?"

మీ గైడుగారు కొట్టేయడం సరైనదే. పి-విలువను లెక్కించేది శూన్య పరికల్పన నిజమేనని ముందుగా ఒప్పుకున్నాక. "తేడా నిజంగా లేదనుకుందాం. అలాంటప్పుడు మనకు కనబడినంత తేడా గానీ, అంతకు మించిన తేడా గానీ యాదృచ్ఛికంగా ఎంత తరచుగా కనబడుతుంది?" అన్న ప్రశ్నకు జవాబు మీ 0.04. శూన్య పరికల్పన నిజమా కాదా అన్న సంగతి ఆ లెక్కలో తేలదు. అది లెక్క మొదలు కాకముందే నిజమని పెట్టుకున్నది.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. కంప్యూటర్‌తో ఒకే విభాజనం నుంచి రెండు గుంపులను తీయండి, టీ-పరీక్ష చేయండి, ఇలా వేలసార్లు తిప్పండి. తేడా లేదని మీకు నూటికి నూరు పాళ్లు తెలుసు, ఎందుకంటే గుంపులను తయారుచేసింది మీరే. అయినా దాదాపు ప్రతి 25 సార్లకు ఒకసారి 0.04 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తూనే ఉంటుంది. అలా వచ్చిన ఒక ఫలితాన్ని పట్టుకుని "శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం 4 శాతం" అంటే ఎలా? అక్కడ ఆ అవకాశం 100 శాతం.

జరుగుతున్నది వాక్యాన్ని తిరగేయడం. పులి అయితే దానికి నాలుగు కాళ్లు ఉండే అవకాశం దాదాపు 100 శాతం. నాలుగు కాళ్లున్న జంతువు కనబడితే అది పులి అయ్యే అవకాశం ఎంత? అది మీరు నిలబడింది అడవిలోనా, పశువుల సంతలోనా అన్నదాన్ని బట్టి ఉంటుంది. "పరికల్పన నిజమైతే ఈ డేటా" అన్నది ఒక సంభావ్యత, "ఈ డేటా కనబడ్డాక పరికల్పన నిజం" అన్నది వేరే సంభావ్యత. మొదటిదాన్ని రెండోదానిగా మార్చాలంటే బేయస్ సిద్ధాంతం కావాలి. దానికి పి-విలువలో లేని సమాచారం రెండు చోట్ల కావాలి: డేటా చూడకముందు పరికల్పన ఎంత నమ్మదగినది, పరికల్పన అబద్ధమైతే ఈ డేటా ఎంత సహజం.

ఇక్కడిదాకా చాలా పుస్తకాల్లో ఉంటుంది. విన్నవాళ్లు తల ఊపుతారు, వారం తిరక్కుండా మళ్లీ అదే వాక్యం రాస్తారు. అంకెలు వేసి చూస్తే గానీ ఈ సంగతి మనసుకు ఎక్కదు. అందుకని టీ-పరీక్షను పక్కన పెట్టి నాణెంతో చేద్దాం. నాణెంతో అన్నీ కాగితం మీద లెక్కపెట్టవచ్చు.

ఒకే నాణెం, ఒకే పి-విలువ, మూడు జవాబులు

ఒక నాణేన్ని 20 సార్లు ఎగరేశారు. 15 బొమ్మలు, 5 బొరుసులు పడ్డాయి. శూన్య పరికల్పన: నాణెం నిక్కచ్చిదే, బొమ్మకు సగం అవకాశం. నిక్కచ్చి నాణెంతో 15 లేదా అంతకంటే ఎక్కువ బొమ్మలు పడే సంభావ్యత 0.0207. అటువైపు, అంటే 5 లేదా అంతకంటే తక్కువ పడేది కూడా అంతే. రెండూ కలిపితే పి-విలువ 0.041. మీ 0.04కు దాదాపు సమానం.

ఈ నాణెం నిక్కచ్చిది అయ్యే అవకాశం ఎంత? అది ఏ సంచిలోంచి తీసిందో చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. సంచిలో కొన్ని నిక్కచ్చి నాణేలు, కొన్ని వంకర నాణేలు ఉన్నాయనుకోండి. వంకర నాణేల్లో బొమ్మ పడే అవకాశం 0 నుంచి 1 వరకు ఎంతైనా ఉండవచ్చు, అన్నీ సమానంగానే సాధ్యం. అలాంటి వంకర నాణెంతో 20 సార్లలో 0 నుంచి 20 వరకు ఎన్ని బొమ్మలైనా సమాన అవకాశంతో పడతాయి. కాబట్టి సరిగ్గా 15 పడే అవకాశం 21లో ఒకటి, అంటే 0.0476. నిక్కచ్చి నాణెంతో సరిగ్గా 15 పడే అవకాశం 0.0148. ఈ రెండు అంకెలు చాలు.

మొదటి సంచి: 1,000 నిక్కచ్చివి, 1,000 వంకరవి. అన్నింటినీ 20 సార్ల చొప్పున ఎగరేస్తే నిక్కచ్చివాటిలో సుమారు 15 నాణేలు సరిగ్గా 15 బొమ్మలు చూపిస్తాయి. వంకరవాటిలో సుమారు 48. మీ చేతిలో ఉన్నది ఈ 63లో ఒకటి. అది నిక్కచ్చిదయ్యే అవకాశం 15/63, అంటే 24 శాతం.

రెండో సంచి: లక్ష నాణేల్లో 99,000 నిక్కచ్చివి, 1,000 మాత్రమే వంకరవి. నిక్కచ్చివాటిలో సుమారు 1,464 నాణేలకు 15 బొమ్మలు పడతాయి, వంకరవాటిలో మళ్లీ 48కి. ఇప్పుడు మీ నాణెం నిక్కచ్చిదయ్యే అవకాశం దాదాపు 97 శాతం.

మూడో సంచి: పది వేలలో 1,000 నిక్కచ్చివి, 9,000 వంకరవి. 15కి ఎదురుగా 429. అవకాశం 3 శాతం పైచిలుకు.

మూడు సంచుల్లోనూ డేటా ఒక్కటే: 15 బొమ్మలు, 5 బొరుసులు. పి-విలువ ఒక్కటే: 0.041. శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం మాత్రం ఒకచోట 24, ఒకచోట 97, ఒకచోట 3. మూడో సంచిలో మీ "4 శాతం" దగ్గరగా వచ్చినట్టు అనిపిస్తుంది, కానీ అది కాకతాళీయం. సంచి మారితే ఆ పొంతన పోతుంది. పి-విలువ లెక్కలో సంచి ప్రస్తావన ఎక్కడా రాలేదని గమనించండి. లెక్కలోకి రానిదాని మీద ఆధారపడే జవాబును ఆ లెక్క ఇవ్వలేదు.

నమ్మకం కుదరకపోతే ఇది నడిపి చూడండి:

```python
import numpy as np
rng = np.random.default_rng(1)
n = 1_000_000
fair = rng.random(n) < 0.5
theta = np.where(fair, 0.5, rng.random(n))
heads = rng.binomial(20, theta)
hit = (heads == 15) | (heads == 5)
print(fair[hit].mean())
```

0.24 దరిదాపుల్లో వస్తుంది. నాలుగో వరుసలోని `0.5`ను `0.99` చేస్తే రెండో సంచి, `0.1` చేస్తే మూడో సంచి. ఇంకొక మార్పు కూడా చేసి చూడమంటాను. `hit` వరుసలో `== 15`ను `>= 15`గా, `== 5`ను `<= 5`గా మార్చండి. మొదటి సంచికి జవాబు 24 నుంచి సుమారు 7 శాతానికి పడిపోతుంది. కారణం ఏమిటంటే, ఇప్పుడు 20కి 20 బొమ్మలు పడిన పచ్చి వంకర నాణేలను కూడా మీ 15 బొమ్మల నాణెంతో ఒకే గంపలో వేశారు. "పి-విలువ 0.05 కంటే తక్కువ" అని మాత్రమే రాసి అసలు అంకె దాచేస్తే జరిగేది ఇదే: బొటాబొటీగా గీత దాటిన ఫలితం బలమైన ఫలితాల చాటున నిలబడుతుంది.

"వంకర నాణేలను మీ ఇష్టం వచ్చినట్టు ఊహించారు కదా"

ఈ అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది, న్యాయమైనదే. వంకరతనం 0 నుంచి 1 వరకు సమానంగా పరుచుకుందన్నది నేను పెట్టుకున్న ఊహ. సరే, ఊహను పూర్తిగా మీవైపు వంచుదాం. వంకర నాణేలన్నింటికీ బొమ్మ అవకాశం కచ్చితంగా 0.75 అనుకుందాం. 20లో 15 పడిన డేటాకు ఇంతకంటే అనుకూలమైన వంకర ఉండదు. ఆ నాణెంతో సరిగ్గా 15 పడే సంభావ్యత 0.202. సగం సగం సంచిలోంచి తీస్తే మన నాణెం నిక్కచ్చిదయ్యే అవకాశం 6.8 శాతం. డేటా చూశాక దానికి సరిపడేలా కుట్టిన ఊహతో కూడా అది 4.1కి దిగలేదు.

టీ-పరీక్ష లాంటి మామూలు పరీక్షలకు పనికొచ్చే ఒక కింది హద్దును 2001లో సెల్కే, బయారి, బెర్జర్ అనే గణాంక శాస్త్రవేత్తలు సులభమైన సూత్రంగా ఇచ్చారు. పి-విలువ 1/e (సుమారు 0.37) కంటే తక్కువైతే, డేటా శూన్య పరికల్పనవైపు చూపే బలానికీ, ప్రత్యామ్నాయంవైపు చూపే బలానికీ ఉన్న నిష్పత్తి, ప్రత్యామ్నాయాలను సహేతుకంగా ఊహించినంతవరకు, దీనికంటే తక్కువ కాదు:

```
-e * p * ln(p)
```

పి-విలువ 0.05 అయితే ఇది 0.41. ముందుగా సగం సగం నమ్మకంతో మొదలుపెడితే శూన్య పరికల్పనకు మిగిలే అవకాశం కనీసం 29 శాతం. 0.01 అయితే కనీసం 11 శాతం. 0.001 దాకా వెళితే 1.8 శాతం. ఇవి సగటులు కావు, కనిష్ఠాలు. అసలు విలువ ఇంతకంటే ఎక్కువే ఉండవచ్చు. నేను వైద్య, వ్యవసాయ పరిశోధకుల గణాంకాలు చూసిపెట్టే పనిలో ఉన్నాను. ఎవరైనా కొత్తవాళ్లు 0.049 చూపించి సంబరపడితే ముందు ఈ 29 శాతం చెబుతాను. ముఖాలు కాస్త వాడిపోతాయి గానీ తర్వాతి సంభాషణ సులువవుతుంది.

ఎగరేసినవాడి మనసులో ఉన్నది కూడా పి-విలువను మారుస్తుంది

ఇది నాకు అన్నింటికంటే గట్టి రుజువుగా కనబడుతుంది. అదే నాణెం, అవే 20 ఎగరవేతలు, వరుస కూడా అదే, చివరిది బొరుసు. ఇంతవరకు మనం "20 సార్లు ఎగరేయాలి" అని ముందే నిర్ణయించుకున్నట్టు లెక్కించాం. కానీ ఎగరేసినవాడు నిజానికి "అయిదో బొరుసు పడేదాకా ఎగరేస్తాను" అనుకుని మొదలుపెట్టాడనుకోండి. ఇరవయ్యో ఎగరవేతలో అయిదో బొరుసు పడింది, ఆపేశాడు.

ఇప్పుడు "ఇంత లేదా ఇంతకు మించిన" ఫలితాల జాబితా మారిపోయింది. అది ఇక "20లో 15, 16, 17..." కాదు. "అయిదో బొరుసుకు 20 లేదా అంతకంటే ఎక్కువ ఎగరవేతలు పట్టడం". దాని సంభావ్యత, అంటే మొదటి 19లో నాలుగుకు మించి బొరుసులు పడకపోవడం, 0.0096. బొమ్మల వైపు మాత్రమే చూసే పాత లెక్క ప్రకారం 0.0207. సగానికంటే తక్కువ అయిపోయింది. కాగితం మీదున్న డేటాలో ఒక్క అక్షరం మారలేదు.

నాణెం నిక్కచ్చిదా కాదా అన్నది ఎగరేసినవాడి ఉద్దేశాన్ని బట్టి మారదు కదా. సంచి లెక్క మళ్లీ వేసి చూడండి: రెండు రకాల నాణేలకూ అంకెలు ఒకే నిష్పత్తిలో మారతాయి, 24 శాతం 24 శాతంగానే ఉంటుంది. పి-విలువ మాత్రం మారింది, ఎందుకంటే అందులో జరిగినదే కాక, జరిగి ఉండగలిగి జరగనివి కూడా కలిసి ఉన్నాయి. ఇది పి-విలువ లోపం అని నేను అనను. డేటా సేకరణను ఎప్పుడు ఆపుతామో ముందే చెప్పి తీరాలని మేము పట్టుబట్టడానికి కారణం ఇదే. కానీ పరికల్పన నిజమయ్యే సంభావ్యతకు ఉండకూడని గుణం ఇది.

ఒక మినహాయింపు

రెండూ ఒకే అంకెగా వచ్చే సందర్భం ఒకటి ఉంది, ఎవరైనా దాన్ని చూపించి వాదించవచ్చు. డేటా నార్మల్ విభాజనం నుంచి వచ్చి, దాని వ్యాప్తి తెలిసి, పరికల్పన "తేడా సున్నా లేదా అంతకంటే తక్కువ" అనే ఒకవైపు పరికల్పన అయి, తేడా ఎంతైనా సమానంగానే సాధ్యమని ముందుగా ఊహిస్తే, ఒకవైపు పి-విలువా, పరికల్పన నిజమయ్యే సంభావ్యతా అంకెకు అంకె సరిపోతాయి. కానీ అక్కడ కూడా సంచి మాయం కాలేదు. "ఎంతైనా సమానమే" అన్న ఊహ రూపంలో దాగి ఉంది. ఆ ఊహను మార్చిన మరుక్షణం రెండు అంకెలూ విడిపోతాయి. మీది "తేడా సరిగ్గా సున్నా" అనే పరికల్పన కాబట్టి ఈ మినహాయింపు మీకు వర్తించదు.

ఇంకో కొసను కూడా చూడండి. కొన్ని రంగాల్లో రెండు గుంపుల తేడా దశాంశాల చివరిదాకా సరిగ్గా సున్నా అవడం ఎవరూ నమ్మరు. అక్కడ శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం డేటా చూడకముందే సున్నా. అయినా చిన్న నమూనాతో పి-విలువ 0.6 రావచ్చు. దాన్ని "60 శాతం నిజం" అని చదివితే ఎంత విడ్డూరంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

పనిలో ఇది ఎక్కడ దెబ్బ కొడుతుంది

నా దగ్గరికి వచ్చే పనుల్లో రెండు రకాలు ఉంటాయి. ఒకటి జల్లెడ పట్టే ప్రయోగాలు: బోలెడన్ని అణువులను పరీక్షిస్తారు, చాలావాటికి ఏ ప్రభావమూ ఉండదని ముందే అందరికీ తెలుసు. అది రెండో సంచి. ఇంకొకటి ధ్రువీకరణ ప్రయోగాలు: ఇంతకుముందు పలుచోట్ల పనిచేసిన మందును చివరిసారి పెద్ద నమూనాతో సరిచూస్తారు. అది మూడో సంచికి దగ్గర. రెండు చోట్లా 0.04 వస్తే కాగితం మీద ఒకేలా కనబడుతుంది. మొదటి రకంలో 0.04 వచ్చిన అణువును నమ్ముకుని ముందుకు వెళ్లిన ఒక బృందం, ప్రయోగం మళ్లీ చేస్తే ప్రభావం మాయమైందని, లోపం ఎక్కడుందో చెప్పమని వచ్చింది. వాళ్ల కొలతల్లో లోపం ఏమీ లేదు. "96 శాతం ఖాయం" అనుకోవడమే చిక్కు. ఆ సంచిలోంచి తీసినదానికి అలా జరగడమే మామూలు.

తేడా నిజంగా ఉన్నప్పుడు కూడా 0.04 అంత గట్టిది కాదు. అసలు తేడా మీ నమూనాలో కనబడినంతే అనుకున్నా, అంతే పెద్ద నమూనాతో మళ్లీ చేస్తే పి-విలువ 0.05 కంటే తగ్గే అవకాశం సుమారు 54 శాతం. నాణెం ఎగరేసినంత నయం.

మరి థీసిస్‌లో ఏం రాయాలి

కొట్టేసిన వాక్యం చోట ఇలా రాయండి: "రెండు గుంపుల మధ్య నిజంగా తేడా లేకపోయి, టీ-పరీక్షకు అవసరమైన ఊహలన్నీ నెరవేరి ఉంటే, ఇంత లేదా ఇంతకు మించిన తేడా 4 శాతం సందర్భాల్లో కనబడుతుంది." కాస్త పొడుగే, కానీ అందులో అబద్ధం లేదు. పక్కనే తేడా ఎంతో, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఎంతో ఇవ్వండి. చదివేవారికి పి-విలువ కంటే అదే ఎక్కువ ఉపయోగం. గైడుతో పాటు పరీక్షకులు కూడా అడిగితే చూపడానికి అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో విడుదల చేసిన ప్రకటన ఉంది. అందులోని ఆరు సూత్రాల్లో రెండోది అచ్చంగా ఈ సంగతే చెబుతుంది.

పరికల్పన నిజమయ్యే అవకాశం మీకు తప్పనిసరిగా కావాలంటే దాన్ని తిప్పి రాసే పద్ధతి ఒకటుంది, నాకు అది ఇష్టం. ముందు నమ్మకం ఎంతో ఊహించే బదులు, "నేను రాసిన వాక్యం నిజం కావాలంటే ముందు నమ్మకం ఎంత ఉండాలి?" అని అడగండి. మీ 0.04కు పై సూత్రం 0.35 ఇస్తుంది. డేటా చూశాక శూన్య పరికల్పనకు 4 శాతమే మిగలాలంటే, ప్రయోగానికి ముందు దానికి మీరు ఇచ్చిన అవకాశం 11 శాతానికి మించకూడదు. అంటే ఒక్క కొలత కూడా తీసుకోకముందే తేడా ఉందని మీకు కనీసం 89 శాతం నమ్మకం ఉండాలి. ఆ నమ్మకానికి మీ రంగంలోని పాత అధ్యయనాల్లో ఆధారం ఉంటే దాన్ని చూపించి, లెక్క వేసి, అది 96 శాతం దాకా ఉండవచ్చని రాయండి, ఎవరూ కాదనలేరు. సగం సగం నమ్మకంతో మొదలుపెట్టి ఉంటే మాత్రం శూన్య పరికల్పనకు ఇంకా కనీసం 26 శాతం అవకాశం మిగిలే ఉంది.